‘12 సిట్టింగుల్లో మారిపోతాడు’ అంటే నమ్మొచ్చా?

డాక్టరు గారూ, మాది భీమవరం దగ్గర పల్లెటూరు. మా అబ్బాయికి 23 ఏళ్లు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు సంబంధాల మాట ఎత్తితే, తనకు అమ్మాయిల మీద అలాంటి ఇష్టం లేదని, అబ్బాయిలంటేనే ఇష్టమని ఏడుస్తూ చెప్పాడు. అప్పట్నుంచి మావారు వాడితో మాట్లాడటం లేదు. మా ఆడపడుచు భర్త ఒక డాక్టరు గురించి చెప్పారు. హార్మోన్ టెస్టు, ఇంజెక్షన్లు, హిప్నాటిజం కలిపి 12 సిట్టింగులట, 60 వేలట. వందమందిలో 80 మంది మారి పెళ్లిళ్లు చేసుకున్నారట. వాళ్ల వీడియోలు కూడా చూపించారు. అబ్బాయి మొదట ఒప్పుకోలేదు. ఇప్పుడు ‘మీ ఇష్టం’ అంటున్నాడు. ‘ప్రయత్నిస్తే పోయేదేముంది’ అని మావారు. నిజంగా మారతారా? పోయేదేమైనా ఉందా?
– ఒక తల్లి

మారరమ్మా. పోయేది మాత్రం చాలా ఉంది. ఎందుకలా అంటున్నానో ఇక తీరిగ్గా చెబుతాను. వీలైతే మీవారికి కూడా చదివి వినిపించండి.

ముందు ఆ 80 లెక్క చూద్దాం. ఏ వైద్యానికైనా వందలో ఇంతమందికి నయమైందని చెప్పాలంటే కొన్ని ప్రశ్నలకు జవాబుండాలి. ఆ వందమందిని ఎలా ఎంచుకున్నారు? మధ్యలో మానేసినవాళ్లను లెక్కలో ఉంచారా, తీసేశారా? నయమైందని ఎవరు తేల్చారు, డబ్బు తీసుకున్న డాక్టరేనా? ఎన్నేళ్ల తర్వాత చూశారు? మీకు చూపించిన వీడియోలో ఒక కుర్రాడు కుర్చీలో కూర్చుని ‘నేను మారాను’ అని చెబుతాడు. దాన్నిబట్టి తెలిసేది, ఆ రోజు ఆ కుర్రాడు కెమెరా ముందు ఆ మాట అన్నాడన్నది ఒక్కటే.

ఈ పొరపాటు మన వీధి చివరి డాక్టరే కాదు, ప్రపంచంలో పేరున్న సైకియాట్రిస్టు కూడా చేశాడు. ఆయన పేరు రాబర్ట్ స్పిట్జర్. అమెరికాలో మానసిక వ్యాధుల జాబితాలోంచి స్వలింగ ఆకర్షణను 1973లో తొలగించినప్పుడు, ఆ పని దగ్గరుండి నడిపించినవాళ్లలో ముఖ్యుడు. అలాంటాయనే 2001లో అమెరికా సైకియాట్రిస్టుల వార్షిక సభలో నిలబడి, గట్టి పట్టుదల ఉన్నవాళ్లలో కొందరు నిజంగానే మారుతున్నారని చెప్పాడు. పత్రికలవాళ్లు ఎగబడి రాశారు. 2003లో ఆ అధ్యయనం అచ్చయింది. థెరపీ వల్ల మారామని చెప్పిన 200 మందితో, 143 మంది మగవాళ్లు, 57 మంది ఆడవాళ్లు, ఫోన్లో ఒక్కొక్కరితో ముప్పావుగంట సేపు మాట్లాడి రాసింది అది.

ఇక్కడ కొంచెం ఆగి చూడండి. మనిషిని ఒక్కసారి కూడా కలవలేదు. థెరపీకి ముందు ఎలా ఉండేవారని, తర్వాత ఎలా ఉన్నారని ఎన్నో ఏళ్ల నాటి జ్ఞాపకాన్ని ఫోన్లోనే అడిగారు. పైగా వాళ్లలో చాలామందిని పంపింది ఈ థెరపీ నడిపే సంస్థలూ మతబృందాలే. మూడొంతులకు పైగా మంది అప్పటికే వేదికలెక్కి ‘మార్పు సాధ్యమే’ అని ప్రచారం చేసినవాళ్లు. పదిమందిలో మారానని చెప్పుకున్న మనిషి ఫోన్లో ‘లేదండీ, అబద్ధం చెప్పాను’ అంటాడా? ఇతరులకే కాదు, తనకు తాను కూడా ఒప్పుకోడు.

2012లో స్పిట్జర్ ఆ అధ్యయనాన్ని అచ్చేసిన పత్రికకే క్షమాపణ లేఖ రాశాడు. అప్పటికి ఆయనకు 80 ఏళ్లు దగ్గరపడ్డాయి, పార్కిన్సన్స్ జబ్బుతో బాధపడుతున్నాడు. వాళ్లు చెప్పింది నిజమో కాదో తేల్చే మార్గమే తన అధ్యయనంలో లేదని, తన మాట నమ్మి ఈ థెరపీల మీద కాలమూ శక్తీ పోగొట్టుకున్నవాళ్లందరికీ క్షమాపణ చెబుతున్నానని రాశాడు. పెద్ద డాక్టర్లు తప్పు చేయడం కొత్త కాదు కానీ, ఇలా కాగితం మీద ఒప్పుకున్నవాళ్లను నేను చాలా తక్కువమందిని చూశాను.

అదే ఏడు ఇంకో సంగతి జరిగింది. అమెరికాలో ఎక్సోడస్ ఇంటర్నేషనల్ అని ఓ పెద్ద క్రైస్తవ సంస్థ ఉండేది. 1976 నుంచి స్వలింగ ఆకర్షణ ఉన్నవాళ్లను ‘మార్చడమే’ దాని పని. దాని అధ్యక్షుడు ఆలన్ ఛాంబర్స్ 2012 జనవరిలో ఒక సభలో, తాను కలిసినవాళ్లలో 99.9 శాతం మందికి ఆకర్షణ మారలేదని అన్నాడు. మరుసటి ఏడాది జూన్‌లో బహిరంగంగా క్షమాపణ చెప్పి సంస్థనే మూసేశారు. సుమారు 37 ఏళ్లు దుకాణం నడిపినవాళ్లే సరుకు లేదని షట్టర్ దించేశారన్నమాట. మీ ఆడపడుచు భర్త తెచ్చిన 80 లెక్క పక్కన ఈ లెక్క కూడా పెట్టి చూడండి.

మరి ‘మారాను’ అనేవాళ్లంతా అబద్ధాలకోరులా? కాదు. నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి సంగతి చెబుతాను. గుర్తు తెలియకుండా వివరాలు కొన్ని మార్చాను. వయసు 26. నిద్ర లేదు, ఉద్యోగానికి వెళ్లలేకపోతున్నాడు, బరువు పెరిగాడు అని అక్క వెంటబెట్టుకొని వచ్చింది. చేతిలో లావుపాటి ఫైలు. అంతకు రెండేళ్ల కిందట ఇంట్లోవాళ్లు మీకు చెప్పినలాంటి చోటికే తీసుకెళ్లారు. ఆ ఫైలు మొత్తం తిరగేశాను.

మొదటి కాగితం హార్మోన్ రిపోర్టు. మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ 500 చిల్లర. ల్యాబువాళ్లు పక్కనే నార్మల్ హద్దులు అచ్చేశారు: సుమారు 300 నుంచి 1000. అంటే లోపమేమీ లేదు. అయినా రెండో కాగితంలో మగ హార్మోన్ ఇంజెక్షన్, 250 మిల్లీగ్రాములు, మూడు వారాలకొకటి. లేని లోపానికి మందు. మీకు చెప్పిన ‘హార్మోన్ టెస్టు’ ఎందుకంటే ఇందుకే. టెస్టులో ఏం వచ్చినా ఇంజెక్షన్ ఖాయం. మిషన్ మీద తీసిన కాగితం చూపిస్తే అది వైద్యమేననిపిస్తుంది కదా మరి.

మగ హార్మోను తగ్గితే మగవాళ్ల మీదికి మనసు పోతుందనేది పాత ఊహ. 1940లలోనే అమెరికా డాక్టర్లు స్వలింగ ఆకర్షణ ఉన్న మగవాళ్లకు ఈ హార్మోను ఇచ్చి చూశారు. కోరిక పెరిగింది తప్ప, ఎవరి మీద అన్నది మారలేదు. అంటే ఉన్న ఆకర్షణే ఇంకా ఎక్కువైంది. వాల్యూమ్ నాబ్ తిప్పితే రేడియో స్టేషన్ మారదు కదమ్మా, ఇదీ అంతే. ఎనభై ఏళ్ల కిందట తేలిపోయిన సంగతికి ఇవాళ మన దగ్గర 60 వేలు వసూలు చేస్తున్నారు.

ఆ అబ్బాయికీ అదే జరిగింది. ఇంజెక్షన్లు మొదలయ్యాక కోరిక పెరిగిపోయి, ‘నాలో రోగం ముదిరిపోతోంది’ అని హడలిపోయాడు. వెళ్లి చెప్పుకుంటే, ఇంజెక్షన్లు ఆపకుండా, డిప్రెషన్‌కి వాడే మాత్ర ఒకటి పెద్ద మోతాదులో, మతిభ్రమణ జబ్బులకు వాడే మాత్ర ఇంకొకటి కలిపి రాశారు. ఈ రెండు రకాల మందులూ చాలామందిలో కోరికను చంపేస్తాయి. అది వాటి దుష్ఫలితం. రెండు నెలలకు అబ్బాయికి ఎవరి మీదా ఏమీ అనిపించని స్థితి వచ్చింది. ‘తగ్గింది సార్’ అన్నాడు. ఫైల్లో ఆ తేదీ పక్కన ‘60 శాతం మెరుగు’ అని రాసి ఉంది.

ఆ వందలో 80 మంది ఇలా తయారవుతారు. మొద్దుబారిన మనిషిని మారిన మనిషి కింద రాసుకుంటారు. కొందరు మందు వల్ల మొద్దుబారతారు. ఇంకొందరు, నిజానికి ఎక్కువమంది, విసిగిపోయి ‘తగ్గింది’ అనేస్తారు. అలా అంటే సిట్టింగులు అయిపోతాయి, ఇంట్లో నాన్న మళ్లీ పలకరిస్తాడు, అమ్మ ఏడుపు ఆపుతుంది. ఈ అబ్బాయీ మాత్రలు ఆపిన నెలరోజులకు లోపల అంతా మునుపటిలాగే ఉందని గ్రహించాడు. కానీ అప్పటికి ఇంట్లో స్వీట్లు పంచేశారు. ఆ తర్వాత ఏడాదిన్నర నటించాడు.

శరీరానికి ఏమైందో కూడా చెప్పాలి. బయటినుంచి మగ హార్మోను ఎక్కిస్తుంటే, ఒంట్లో సొంతంగా తయారయ్యేది ఆగిపోతుంది. మెదడు ‘చాలినంత ఉందిలే’ అనుకుని వృషణాలకు ఆర్డరు ఆపేస్తుంది. అవి చిన్నవవుతాయి, వీర్యకణాలు పడిపోతాయి. రక్తం చిక్కబడుతుంది, ముఖమంతా మొటిమలు. ఇంజెక్షన్లు మానేశాక సొంత ఉత్పత్తి మళ్లీ దారిలో పడటానికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో మనిషి నీరసంగా, దిగులుగా ఉంటాడు. పెళ్లి చేసి మనవణ్ని చూసుకోవాలని తీసుకెళ్లిన చోట, పిల్లలు పుట్టే అవకాశానికే గండి కొట్టే మందు ఎక్కించారు. ఇది ఆ తల్లిదండ్రులకు చెప్పినప్పుడు వాళ్ల ముఖాలు చూడలేకపోయాను.

ఇక హిప్నాటిజం సిట్టింగుల సంగతి. గదిలో జరిగేది ఎక్కువగా తవ్వకం. తండ్రి దూరంగా ఉండేవాడా? అమ్మ మరీ ముద్దు చేసిందా? చిన్నప్పుడు ఆటల్లో ఓడిపోయేవాడివా? ప్రతి బాల్యంలోనూ దీనికి ఏదో ఒక జవాబు దొరుకుతుంది. దూరంగా ఉండే నాన్న, ప్రేమ కురిపించే అమ్మ అంటే మన ఊళ్లలో సగం ఇళ్లు అవే. ఆ లెక్కన ఊళ్లో సగంమంది మగపిల్లలు ఇలాగే ఉండాలి. ఒకవేళ ఒక తండ్రి నిజంగానే దూరం జరిగాడనుకోండి, అది కారణం కాకపోవచ్చు, ఫలితం కావచ్చు. కొడుకు కాస్త వేరుగా ఉన్నాడని చిన్నప్పుడే పసిగట్టి వెనక్కి తగ్గిన తండ్రులు చాలామంది ఉన్నారు. కానీ ఆ గదిలోకి వెళ్తే తప్పు చివరికి మీ మీదికే వస్తుందమ్మా. ఇప్పటికే మీలో మీరు ‘నా పెంపకంలో ఏం లోపం జరిగింది’ అని తవ్వుకుంటూ ఉంటారు. అది మానేయండి. పెంపకం వల్ల ఇలా జరుగుతుందనడానికి ఆధారం లేదు.

మణికట్టుకు రబ్బరు బ్యాండు వేసి, అబ్బాయిల గురించి ఆలోచన వచ్చినప్పుడల్లా లాగి కొట్టుకోమని చెప్పేవాళ్లూ ఉన్నారు. దీనికి పెద్ద చరిత్రే ఉంది. 1960లు, 70లలో ఇంగ్లండు ఆసుపత్రుల్లో మగవాళ్ల ఫొటోలు చూపిస్తూ కరెంటు షాకులు ఇచ్చేవాళ్లు, లేదా వాంతులయ్యే ఇంజెక్షను చేసేవాళ్లు. బాధను ఆకర్షణతో ముడేస్తే ఆకర్షణ పోతుందని లెక్క. ఆ ‘వైద్యం’ చేయించుకున్నవాళ్లలో 29 మందిని ఎన్నో ఏళ్ల తర్వాత కలిసి మాట్లాడిన పరిశోధన 2004లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. వాళ్లలో చాలామంది స్వయంగా వెళ్లి చేరినవాళ్లే, ఇంట్లోవాళ్ల మాట, లోకం మాట భరించలేక. వాళ్లకు మిగిలింది మార్పు కాదు, ఒంటరితనం, సిగ్గు, మనుషులకు దగ్గరవ్వాలంటే జంకు. కరెంటు పోయి రబ్బరు బ్యాండు వచ్చిందే తప్ప వెనకున్న ఆలోచన అదే.

‘పోయేదేముంది’ అన్న మీవారి ప్రశ్నకు ఇప్పుడు వద్దాం. మామూలు జబ్బుకు మందు పని చేయకపోతే రోగి ‘మందు మంచిది కాదు’ అనుకుంటాడు. ఇక్కడ అలా అనుకోనివ్వరు. మొదటి రోజే చెబుతారు, ‘నీకు మనస్ఫూర్తిగా మారాలనుంటే మారతావు’ అని. అందుకే మారకపోతే తప్పు డాక్టరుది కాదు, వైద్యానిది కాదు, కుర్రాడి మనసుది. అమ్మానాన్నల 60 వేలు, వాళ్ల ఆశ, అన్నీ తన పట్టుదల లేకపోవడం వల్లే వృథా అయ్యాయని కుమిలిపోతాడు. ముందున్న దిగులుకు ఓడిపోయానన్న నమ్మకం కొత్తగా తోడవుతుంది. ఏళ్ల తరబడి వదలనిది ఇదే. ఇంజెక్షన్ల ప్రభావం ఏడాదిలో పోతుంది, ఇది పోదు.

అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కో పరిశోధకులు 2018లో ఒక అధ్యయనం అచ్చేశారు. 21 నుంచి 25 ఏళ్ల మధ్యనున్న 245 మంది స్వలింగ ఆకర్షణ ఉన్న, ట్రాన్స్‌జెండర్ యువతీయువకులను అడిగారు: టీనేజీలో మీ తల్లిదండ్రులు మిమ్మల్ని మార్చాలని చూశారా? చూడని ఇళ్ల పిల్లల్లో ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్లు 22 శాతం. తల్లిదండ్రులే ఇంట్లో మార్చాలని ప్రయత్నించిన ఇళ్లలో 48 శాతం. తల్లిదండ్రుల ప్రయత్నంతో పాటు థెరపిస్టు దగ్గరికో మతపెద్ద దగ్గరికో పంపిన ఇళ్లలో 63 శాతం. గతం గురించి అడిగి రాసిన అధ్యయనం కాబట్టి ఒకదానివల్లే ఇంకొకటి జరిగిందని ఇదొక్కటే రుజువు చేయదు. స్పిట్జర్‌ని తప్పుపట్టిన నోటితో ఈ మాట కూడా చెప్పాలి. కానీ వేర్వేరు చోట్ల, వేర్వేరు పద్ధతుల్లో చేసిన అధ్యయనాలన్నీ ఇదే దిక్కు చూపిస్తున్నాయి. మేలు జరిగిందని చూపే గట్టి అధ్యయనం ఒక్కటీ లేదు. అమెరికా సైకాలజిస్టుల సంఘం 1960 నుంచి 2007 దాకా వచ్చిన 83 అధ్యయనాలను వడపోసి 2009లో చెప్పింది కూడా, ఇవి పని చేస్తాయనడానికి నమ్మదగ్గ ఆధారం లేదనే.

ఇంకో నష్టం లెక్కల్లోకి రాదు. ఒకసారి ఇలాంటి చోటికి వెళ్లొచ్చిన కుర్రాడు ఆ తర్వాత ఏ డాక్టరునూ నమ్మడు. నా దగ్గరికొచ్చిన అబ్బాయికి నిజంగానే డిప్రెషన్ ఉంది, వైద్యంతో తగ్గే డిప్రెషన్. కానీ మొదటి నాలుగు వారాలు నోరు విప్పలేదు. నేను ప్రిస్క్రిప్షన్ ప్యాడ్ తీస్తే చాలు, చేతులు వెనక్కి పెట్టుకునేవాడు. ఒక రోజు బయటికెళ్తూ తలుపు దగ్గర ఆగి, ‘మీరు కూడా మా నాన్నకి రిపోర్టు ఇస్తారా సార్?’ అని అడిగాడు. ఇవ్వనని చెప్పాక వచ్చి మళ్లీ కూర్చున్నాడు. అసలు వైద్యం మొదలైంది ఆ రోజే.

పెళ్లి చేస్తే సర్దుకుంటుందనే మాట కూడా మీ ఇంట్లో వచ్చే ఉంటుంది. అక్కడ బలయ్యేది ఇంకో ఇంటి ఆడపిల్ల. భర్త ముట్టుకోకపోతే తనలోనే ఏదో లోపం ఉందని ఏళ్ల తరబడి కుమిలిన ఆడవాళ్లు నా దగ్గరికి వచ్చారు. దీని గురించి ఇంతకన్నా చెప్పాల్సిన పని లేదనుకుంటాను.

వైద్య సంస్థలన్నీ దీన్ని ఎందుకు కాదన్నాయన్నది కూడా మీవారికి తెలియాలి. ‘ఫారినోళ్ల ఫ్యాషన్’ అని ఎవరో ఒకరు అంటారు కాబట్టి. 1950లలో ఎవలిన్ హూకర్ అనే సైకాలజిస్టు ఒక సూటి పరీక్ష పెట్టింది. అంతకుముందు డాక్టర్లు చూసినవాళ్లంతా జైళ్లలోనో ఆసుపత్రుల్లోనో ఉన్నవాళ్లు, కాబట్టి వాళ్లందరిలో జబ్బే కనిపించేది. ఈమె బయట మామూలుగా బతుకుతున్న 30 మంది స్వలింగ ఆకర్షణ ఉన్న మగవాళ్లను, 30 మంది లేనివాళ్లను తీసుకొని, సిరా మరకలు చూపించి ఏం కనిపిస్తోందో చెప్పమనే పరీక్షలాంటివి పెట్టి, పేర్లు తీసేసి ఆ కాగితాలు పేరున్న నిపుణులకు ఇచ్చింది. ఏది ఎవరిదో వాళ్లు చెప్పలేకపోయారు. మానసిక ఆరోగ్యంలో తేడా కనిపించలేదు. 1957లో అచ్చయిన ఆ పనితో పునాది కదిలింది. 1973లో అమెరికా సైకియాట్రిస్టులు, 1990లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుల జాబితాలోంచి తీసేశారు. 2012లో ఉత్తర, దక్షిణ అమెరికా దేశాల ఆరోగ్య సంస్థ ఈ థెరపీలను లేని జబ్బుకు మందు అంది. మన ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ కూడా ఇది జబ్బు కాదని 2018లో ప్రకటించింది.

2021 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. ప్రేమించుకున్న ఇద్దరు అమ్మాయిలు ఇంట్లోవాళ్ల నుంచి రక్షణ కోరితే, జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ ‘ఈ విషయం నాకే సరిగ్గా తెలియదు’ అని తీర్పు రాసే ముందు తానే సైకాలజిస్టు దగ్గర కూర్చుని తెలుసుకున్నారు. ఆ తర్వాత వైద్యంతో ఎవరి ఆకర్షణనైనా ‘మార్చే’ ప్రయత్నాలను నిషేధించమని, చేసే డాక్టర్ల లైసెన్సు సంగతి చూడమని చెప్పారు. ఆ కేసులోనే కదలిక వచ్చి 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ ఇలా ‘మార్చే’ వైద్యాన్ని, అంటే కన్వర్షన్ థెరపీని, వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించి అన్ని రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్లకూ రాసింది. అంటే మీకు చెప్పిన ఆ పెద్దమనిషి నిజంగా డాక్టరే అయితే, ఆయన చేస్తున్నది చర్యకు లోబడే పని. విజయవాడలో ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌కో, హైదరాబాదులో తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌కో ఫిర్యాదు చేయొచ్చు. ఇందులో ఒక లొసుగు ఉంది. హిప్నాటిస్టు, లైఫ్ కోచ్, బాబా, పాస్టరు, వీళ్లెవరూ ఆ కౌన్సిళ్ల కిందికి రారు. మన దేశంలో దీనికని విడిగా చట్టం ఇంకా లేదు. అందుకే ఈ వ్యాపారం బోర్డు మార్చుకుంటూ నడుస్తోంది.

బలవంతంగా ఎక్కడైనా చేర్పించాలన్న ఆలోచన ఎవరికైనా వస్తే అది కూడా వద్దని చెప్పండి. కేరళలో ఒక కాలేజీ అమ్మాయిని ఇంట్లోవాళ్లు ఇలాగే డీ-అడిక్షన్ కేంద్రాల్లో పెట్టి మందులు మింగించారని, ఆమె ఆ బాధంతా వీడియోలో చెప్పుకుంది. 2020 మేలో గోవాలో చనిపోయింది. 2017 నాటి మెంటల్ హెల్త్‌కేర్ చట్టం మూడో సెక్షన్ ప్రకారం, సమాజం నీతికీ ఆచారాలకీ మనిషి నడవడి సరిపోవడం లేదన్న కారణంతో మానసిక జబ్బు ఉందని నిర్ణయించకూడదు. మీ అబ్బాయి మేజరు. జబ్బే లేనప్పుడు అతని ఇష్టం లేకుండా ఆసుపత్రిలో పెట్టడానికి దారి లేదు.

ఇక ‘మీ ఇష్టం’ అన్న మాట. మీ ఉత్తరంలో నాకు బాగా టెన్షన్ పెట్టింది ఇదే. దాన్ని ఒప్పుకోలు అనుకోకండి. మొదట కాదన్న పిల్లవాడు, తండ్రి మాట్లాడక వారాలు గడిచాక అలా అన్నాడంటే అలసిపోయాడని అర్థం. ఇవాళ రాత్రే ఫోన్ చేసి, ‘ఆ డాక్టరు దగ్గరికి వెళ్లడం లేదు, నిన్ను ఎక్కడికీ పంపడం లేదు’ అని ఆ ఒక్క ముక్కా చెప్పండి. పెద్ద మాటలేమీ అక్కర్లేదు. మీకు పూర్తిగా అర్థమైందనీ చెప్పక్కర్లేదు, ఎందుకంటే ఇంకా కాలేదు, అతనికీ తెలుసు. నిద్రపోతున్నాడా, తింటున్నాడా, ఒంటరిగా ఉంటున్నాడా అడగండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగడానికి భయపడకండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన రాదు. అవునంటే ఆ రాత్రి ఒంటరిగా వదలకుండా రూమ్‌మేట్‌నో దగ్గరి బంధువునో తోడు ఉంచి, దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లమనండి. 14416, టెలీ మానస్, ప్రభుత్వ హెల్ప్‌లైన్, రాత్రీపగలూ తెలుగులో మాట్లాడతారు. మీరు కూడా చేయొచ్చు.

సైకియాట్రిస్టును కలవడం మంచిదే, కానీ మార్చడానికి కాదు. దిగులో నిద్రలేమో ఉంటే దానికి, మీవారికి ఉన్న కోపానికి, మీ ఏడుపుకి. అపాయింట్‌మెంట్ తీసుకునే ముందే ఫోన్లో అడగండి: ‘మా అబ్బాయికి అబ్బాయిలంటే ఇష్టం. దీన్ని మీరు జబ్బుగా చూస్తారా?’ కాదని వెంటనే చెప్పేవాళ్ల దగ్గరికి వెళ్లండి. ‘ముందు తీసుకురండి, చూద్దాం’ అన్నా, శాతాలు చెప్పినా, ప్యాకేజీ రేటు చెప్పినా, అబ్బాయి లేకుండా మీతోనే ముందు మాట్లాడతానన్నా ఫోన్ పెట్టేయండి.

ఒకవేళ ఇప్పటికే అడ్వాన్సు కట్టి ఉంటే ఆ డబ్బు కోసమని ఒక్క సిట్టింగుకు కూడా వెళ్లకండి. రసీదు, వాట్సాప్ మెసేజీలు, ఆ వీడియో లింకు, 80 శాతమని రాసిన కరపత్రం ఏదైనా ఉంటే దాచి ఉంచండి. మెడికల్ కౌన్సిల్‌కి రాయాలనుకుంటే అవి కావాలి. ఫిర్యాదు ఎలా రాయాలో తెలియకపోతే వాటి జిరాక్సులు జతచేసి మళ్లీ నాకు ఉత్తరం రాయండి.